'సారీ ఫర్' తర్వాత ఏం రాస్తున్నాం?

జూన్‌లో, తోతాపురి లోడ్లు రాత్రింబగళ్లు దిగే రోజుల్లో, మా చెల్లెలి కూతురు నాకు వాట్సాప్‌లో ఒక మెయిల్ చిత్తు పంపింది. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతుల కాగితాలన్నీ చూసేది తనే. చిత్తు కింద ఒకటే ప్రశ్న: "పెద్దమ్మా, గ్రామర్ కరెక్టేనా?"

మెయిల్ మూడే వాక్యాలు. "సారీ ఫర్ డిలే ఇన్ రిప్లయింగ్. ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్ ది రిపోర్ట్. సారీ ఫర్ యువర్ ఇన్‌కన్వీనియెన్స్."

గ్రామర్ వరకే అయితే రెండు నిమిషాల పని. 'డిలే' ముందు 'ది' కావాలి, చివర 'యువర్' తీసేసి అక్కడ కూడా 'ది' పెట్టాలి. కానీ ఆ మెయిల్‌లో నాకు నచ్చనిది గ్రామర్ కాదు. జవాబు కోసం ఎదురుచూసి, రెండుసార్లు గుర్తు చేసిన మనిషికి ఆ మూడు వాక్యాలు చదివాక కూడా ఏం జరిగిందో తెలీదు. ఎవరు ఆలస్యం చేశారు, దేన్ని ఆలస్యం చేశారు, ఇక మీదట ఏమవుతుంది అనేవి ఏవీ అందులో లేవు. అయినా చూస్తే మర్యాదగానే ఉంటుంది. తిరుపతిలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పినన్నాళ్లూ, ఆ తర్వాత ఉద్యోగాల్లో చేరిన వాళ్ల మెయిళ్లు చూసినప్పుడూ నన్ను ఇబ్బంది పెట్టేది ఇదే. 'సారీ ఫర్' అన్నాక పెట్టే మాటను మనం అలంకారంగా చూస్తున్నాం. ఆ క్షమాపణలో ఉన్న సమాచారమంతా నిజానికి అక్కడే ఉంటుంది.

అందుకే ఈ వ్యాసం. 'సారీ ఫర్ ది డిలే ఇన్ రిప్లయింగ్' తప్పు వాక్యం అని నేననను. అది ఎప్పుడు సరిపోతుంది, ఎప్పుడు సరిపోదు అనేది చెప్పాలని.

డిలేకి ఫర్ తగిలితే, రిప్లయింగ్‌కి ఫర్ తగిలితే

'ఫర్' ప్రిపోజిషన్. దాని తర్వాత నామవాచకం రావాలి, లేదా నామవాచకంలా పనిచేసేది ఏదైనా రావాలి. క్రియను అలాగే తెచ్చి పెట్టడానికి వీల్లేదు. అందుకే 'సారీ ఫర్ రిప్లై లేట్' అన్నా, 'సారీ ఫర్ రిప్లయిడ్ లేట్' అన్నా, 'సారీ ఫర్ టు రిప్లై' అన్నా కుదరదు. క్రియకు ఐఎన్‌జీ చేర్చి దాన్ని నామవాచకంగా మార్చాలి. స్కూల్లో జెరండ్ అని చెప్పేది దీన్నే. మన భాషలో 'రాయడం', 'చెప్పడం' లాంటి మాటలు చేసే పనే ఇంచుమించు ఇది కూడా చేస్తుంది. 'సారీ ఫర్ లేట్' అని పిల్లలు ఎందుకు రాస్తారంటే, 'లేట్' అనేది విశేషణమని వాళ్లకు తట్టదు. విశేషణం ఒంటరిగా 'ఫర్' తర్వాత నిలబడలేదు, అందుకే 'సారీ ఫర్ బీయింగ్ లేట్' అనాలి. కాదనాలంటే 'నాట్' ఐఎన్‌జీకి ముందు రావాలి: 'సారీ ఫర్ నాట్ రిప్లయింగ్'. ఇంతవరకు ఏ గ్రామర్ పుస్తకం తెరిచినా ఉంటుంది.

పుస్తకాలు దాటేసి వెళ్లే సంగతి ఇంకొకటి ఉంది. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 'సారీ ఫర్ రిప్లయింగ్ లేట్'. రెండోది 'సారీ ఫర్ ది డిలే ఇన్ రిప్లయింగ్'. రెండింట్లోనూ 'రిప్లయింగ్' ఉంది. కానీ మొదటి దాంట్లో 'ఫర్' నేరుగా ఆ పనికే తగులుతుంది. నేను క్షమాపణ చెబుతున్నది నేను చేసిన పనికి. రెండో దాంట్లో 'ఫర్' తగిలేది 'డిలే'కి. 'రిప్లయింగ్' అక్కడ 'ఇన్' వెనక్కి వెళ్లిపోయింది. క్షమాపణ ఇప్పుడు నేను చేసిన పనికి కాదు, ఆలస్యం అనే ఒక వస్తువుకి. ఆ వస్తువుకి ముందు ఉన్నది 'ది', 'మై' కాదు. కావాలంటే 'మై డిలే' అనొచ్చు, కానీ నూటికి తొంభై మంది ఆఫీసు మెయిళ్లలో రాసేది 'ది డిలే' అనే. ఆ 'ది' వల్ల ఆ ఆలస్యానికి యజమాని లేకుండా పోతాడు.

జెరండ్‌కి కర్త బయటికి కనిపించదు, కానీ ఉంటుంది. 'సారీ ఫర్ కీపింగ్ యూ వెయిటింగ్' అంటే మిమ్మల్ని కూర్చోబెట్టింది ఎవరు? సారీ చెప్పే మనిషే. ఇంగ్లీషు చదివే ఎవరికైనా ఇందులో అనుమానం రాదు. వాక్యానికి కర్త ఎవరో, చెప్పకపోతే ఐఎన్‌జీ పనికీ వాళ్లే కర్త. నామవాచకానికి ఈ కట్టుబాటు లేదు. 'ది డిలే' అంటే కొరియర్ వాడి వల్ల కావచ్చు, కరెంటు వల్ల కావచ్చు, మా మేనేజర్ సంతకం వల్ల కావచ్చు.

ఇంకో రకం కూడా ఉంది. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లు మాట్లాడేటప్పుడు ఎక్కువగా వాడేది అదే: 'సారీ, ఐ యామ్ లేట్', 'సారీ, ఐ డిడ్న్ట్ గెట్ బ్యాక్ టు యూ సూనర్'. ఇందులో 'ఫర్' లేదు, జెరండ్ లేదు. పూర్తి వాక్యమే వచ్చేసింది. కర్త ఉన్నాడు, కాలం ఉంది. మన పాఠాల్లో దీన్ని పెద్దగా చెప్పం. ఎందుకంటే అది మాటల్లో వాడేది, రాతకు పనికిరాదు అనుకుంటాం. అలా ఏమీ లేదు. తెలిసిన వాళ్లకు రాసే మెయిల్‌లో అది చక్కగా ఇముడుతుంది.

కాబట్టి మన చేతిలో మూడు ఉన్నాయి. నామవాచకంలో చేసిన మనిషి కనిపించడు. జెరండ్‌లో కనిపించడు కానీ ఎవరో తెలుస్తుంది. పూర్తి వాక్యంలో నేనే అని ఎదురుగా నిలబడతాడు. నా వాదన అంతా ఒక్కటే: నీ ఆలస్యం వల్ల అవతలి మనిషికి ఎంత నష్టం జరిగిందో, అంత దూరం నువ్వు నామవాచకం నుంచి వాక్యం వైపు జరిగి రావాలి. ఏ నష్టమూ లేకపోతే 'సారీ ఫర్ ది డిలే ఇన్ రిప్లయింగ్' చాలు, ఇంకా చెప్పాలంటే అంతకంటే ఎక్కువ రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది.

'యువర్' చేసే హాని

మా అమ్మాయి చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. 'సారీ ఫర్ యువర్ ఇన్‌కన్వీనియెన్స్', 'సారీ ఫర్ యువర్ వెయిటింగ్' అని మన వైపు చాలామంది రాస్తారు. మీకు కలిగిన ఇబ్బందికి అని మన మనసులో ఉంటుంది కాబట్టి ఆ 'మీ' వచ్చి కూర్చుంటుంది. రాసేవాళ్లకు అది మర్యాదే.

ఇంగ్లీషులో 'సారీ ఫర్ యువర్' అనే అచ్చు ఇంకో సందర్భానికి చెందింది. ఎవరైనా పోయినప్పుడు పరామర్శకు వెళ్లి అనే మాట 'సారీ ఫర్ యువర్ లాస్'. అక్కడ 'సారీ' అంటే తప్పు నాది అని కాదు, నీ బాధకు నాకూ బాధగా ఉందని. అందుకే 'సారీ ఫర్ యువర్ ఇన్‌కన్వీనియెన్స్' అన్నప్పుడు, ఆ ఇబ్బంది ఎక్కణ్ణుంచో వచ్చి మీ మీద పడింది, నేను జాలిపడుతున్నాను అన్నట్టు వినిపిస్తుంది. 'సారీ ఫర్ యువర్ వెయిటింగ్' ఇంకా అన్యాయం. అందులో జెరండ్‌కి కర్త మారిపోయింది. ఎదురుచూడటం మీరు చేసిన పని, దానికి నేను విచారిస్తున్నాను అని అర్థం. చేసింది నేను కాబట్టి నా పనినే చెప్పాలి: 'కీపింగ్ యూ వెయిటింగ్'. మిమ్మల్ని కూర్చోబెట్టడం నా పని, కూర్చోవడం మీ పని. తప్పు మొదటిది.

'సారీ టు' కూడా దీంతోనే కలిసిపోతుంది. 'సారీ టు ట్రబుల్ యూ' అంటే ఇప్పుడు ఇబ్బంది పెడుతున్నాను, లేదా పెట్టబోతున్నాను అని. 'సారీ ఫర్ ట్రబ్లింగ్ యూ' అంటే అప్పటికే పెట్టేశాను అని. తలుపు కొట్టి లోపలికి వస్తూ మొదటిది, పని అయ్యాక వెళ్తూ రెండోది. అయిపోయిన దానికి 'టు' వాడాలంటే 'సారీ టు హావ్ ట్రబుల్డ్ యూ' అని రాయాలి. అది కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది, ఉత్తరాల్లో కనిపిస్తుంది. మన పిల్లలు 'సారీ టు డిలే' అని రాస్తే అవతలివాళ్లకు, ఇంకా ఆలస్యం చెయ్యబోతున్నాం, ముందే చెబుతున్నాం అన్నట్టు ఉంటుంది. ఒక ఎగుమతి ఆర్డర్ మధ్యలో అలా చదివితే కొనేవాడికి టెన్షన్ రాదా?

ఒకే మెయిల్‌లో రెండు ఆలస్యాలు

ఆ రోజు రాత్రి మా అమ్మాయికి ఫోన్ చేశాను. ముందు అసలేం జరిగిందో చెప్పమన్నాను.

విషయం ఇది. విదేశంలో జ్యూస్ తయారు చేసే కంపెనీ ఒకటి తోతాపురి గుజ్జు కొంటోంది. సరుకు ఓడ ఎక్కకముందు ఆ లాట్ నుంచి శాంపిల్, దాంతోపాటు ల్యాబ్ రిపోర్టు అడగడం ఈ వ్యాపారంలో మామూలే. ఆ రిపోర్టులో బ్రిక్స్ ఎంత, ఆమ్లం ఎంత, పీహెచ్ ఎంత అన్నవి ఉంటాయి. బ్రిక్స్ అంటే గుజ్జులో కరిగి ఉన్న పదార్థం, ఎక్కువగా చక్కెర, ఎంత శాతం ఉందో చెప్పే కొలత. మామూలు తోతాపురి గుజ్జుకి అది 14కి తగ్గకూడదని కొనేవాళ్లు అడుగుతారు. అవతలి కంపెనీ వాళ్లు ఆ అంకెలు చూసి, శాంపిల్ రుచి చూసి, సరే అంటేనే డ్రమ్ములు కంటైనర్‌లోకి ఎక్కి చెన్నై రేవుకు పోతాయి.

మెయిల్ వచ్చింది. ల్యాబ్ రిపోర్టు వచ్చాక ఒకేసారి జవాబిద్దాంలే అని మా అమ్మాయి ఆగింది. సీజన్ కాబట్టి ల్యాబ్‌లో వరస పెద్దది. ఈలోపు అవతలివాళ్లు ఒకసారి గుర్తు చేశారు, మళ్లీ గుర్తు చేశారు. రిపోర్టు రాగానే తను ఈ మూడు వాక్యాలు రాసింది. శాంపిల్ ఇంకా ఫ్యాక్టరీలోనే ఉంది.

"అంటే లేటయింది రెండు కదమ్మా," అన్నాను. "రిపోర్టు లేటవడం ల్యాబ్ వల్ల. అది వస్తుందని ఎదురుచూస్తున్నట్టు వాళ్లకు చెప్పకపోవడం నీ వల్ల. నువ్వు రాసినదాంట్లో ఏది ఏదో వాళ్లకు తెలీదు."

"రిప్లయింగ్ అని రాసినా కదా పెద్దమ్మా?"

అది మంచి మాట. నేను కూడా ఒప్పుకున్నాను. 'డిలే' తర్వాత 'ఇన్' పెట్టి ఐఎన్‌జీ రాయాల్సి రావడంలో ఒక మేలు ఉంది. ఏ పని ఆలస్యమైందో పేరు పెట్టి చెప్పాలి. 'డిలే ఇన్ రిప్లయింగ్' అంటే జవాబు, 'డిలే ఇన్ సెండింగ్ ది శాంపిల్' అంటే శాంపిల్. ఉత్త 'సారీ ఫర్ ది డిలే' కంటే ఇది చాలా నయం. మనిషిని దాచినా పనిని దాచదు. అక్కడ 'డిలే టు రిప్లై', 'డిలే ఆఫ్ రిప్లై' అని రాసేవాళ్లు ఉన్నారు, అవి చెల్లవు. 'డిలే'కి జత 'ఇన్'.

కానీ ఈ మెయిల్‌కి అంత మాత్రం సరిపోదు. రెండుసార్లు గుర్తు చేసిన మనిషికి జవాబు ఆలస్యమైందని నువ్వు కొత్తగా చెప్పాల్సిన పని లేదు, అతనికి మనకంటే బాగా తెలుసు. అతనికి తెలియంది, ఆ మౌనంలో ఏం జరుగుతోందన్నది. లాట్ ఫెయిల్ అయిందా? ఎక్కువ ధర ఇచ్చే ఇంకొకరికి అమ్మేశారా? అక్కడ కూర్చున్నవాళ్లకు ఇలాంటి ఆలోచనలే వస్తాయి. దానికి జవాబు క్రియల్లోనే చెప్పగలం, నామవాచకంలో చెప్పలేం.

చివరికి ఇద్దరం కలిసి రాసినది ఇలా వచ్చింది:

"ఐ యామ్ సారీ ఫర్ నాట్ ఆన్సరింగ్ యువర్ మెయిల్ ఎర్లియర్. ఐ వాజ్ వెయిటింగ్ ఫర్ ది ల్యాబ్ రిపోర్ట్ అండ్ షుడ్ హావ్ టోల్డ్ యూ సో. ది రిపోర్ట్ ఈజ్ అటాచ్డ్. ది శాంపిల్ విల్ లీవ్ అవర్ ఫ్యాక్టరీ ఆన్ మండే, అండ్ ఐ విల్ సెండ్ యూ ది కొరియర్ నంబర్ ది సేమ్ డే."

సారీ ఒక్కసారే ఉంది. 'నాట్ ఆన్సరింగ్' అని జెరండ్‌లో తన పని తనే ఒప్పుకుంది. తర్వాతి వాక్యంలో 'ఐ' బయటికి వచ్చి ఎందుకు ఆగిందో చెప్పింది, ఏం చెయ్యాల్సిందో కూడా చెప్పింది. 'ఇన్‌కన్వీనియెన్స్' వాక్యం పూర్తిగా పోయింది. సోమవారం శాంపిల్ బయల్దేరుతుందని తెలిశాక ఆ మాటకు పని లేదు.

'ఎర్లియర్' గురించి ఒక చిన్న మాట. అది లేకుండా 'సారీ ఫర్ నాట్ ఆన్సరింగ్' అని ఆపేస్తే, చదివే మెయిలే జవాబు కదా, మరి జవాబివ్వలేదంటారేంటి అని ఒక క్షణం తికమక అవుతుంది. 'సూనర్' గానీ 'ఎర్లియర్' గానీ తప్పకుండా ఉండాలి.

మేనేజర్ అడ్డం పడితే

మరుసటి రోజు తను చెప్పింది, ఆ మెయిల్ చూసి మేనేజర్ 'షుడ్ హావ్ టోల్డ్ యూ' తీసెయ్యమన్నాడని. "మనమే తప్పని రాసిస్తే రేపు దాన్నే పట్టుకుంటారమ్మా," అన్నాడట.

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. నేను దీని మీద చాలాసేపు ఆలోచించాను. కంపెనీ తరఫున పోయే ఉత్తరంలో ఉన్న 'ఐ' ఒక ఉద్యోగిది మాత్రమే కాదు, అవతలివాళ్లు దాన్ని కంపెనీ మాటగానే చదువుతారు. ఓడ తేదీ తప్పితే ఎవరు భరించాలి అన్న చోట ఒప్పుకోలు వాక్యం రాసేటప్పుడు వ్యాపారస్తులు జంకడం సహజం. రైల్వే స్టేషన్ మైకులో వినిపించే 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' కూడా ఈ జాగ్రత్త నుంచి పుట్టిందే. ఇంగ్లీషులో అది 'ఇన్‌కన్వీనియెన్స్ కాజ్డ్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్'. అందులో ఇబ్బంది కలిగించింది ఎవరో లేదు, విచారించేది ఎవరో కూడా లేదు. పైగా రికార్డు చేసిన గొంతు అది. ఏ రైలు ఎవరి వల్ల ఆగిందో ఆ గొంతుకు తెలిసే వీలే లేదు. అక్కడ జెరండ్ పెట్టి 'ఫర్ డిలేయింగ్ యూ' అని వినిపిస్తే మనకే విచిత్రంగా ఉంటుంది.

కాబట్టి సంస్థ గొంతుకు నామవాచకం న్యాయమే. 'వీ అపాలజైజ్ ఫర్ ది డిలే ఇన్ సెండింగ్ ది శాంపిల్' అని ఫ్యాక్టరీ తరఫున రాస్తే నాకు అభ్యంతరం లేదు. ఎందుకంటే ఆ ఆలస్యంలో ల్యాబ్ ఉంది, సీజన్ ఉంది, కొరియర్ ఉంది, ఒక మనిషి లేడు. నాకు అభ్యంతరం ఎక్కడంటే, ఒక మనిషి ఒక మెయిల్‌కి జవాబివ్వకపోయిన దానికి కూడా అదే గొంతు వాడితే. ల్యాబ్ ఆలస్యం ఒప్పందానికి తగులుతుంది. జవాబు ఇవ్వకపోవడం ఏ ఒప్పందానికీ తగలదు. రెండింటినీ ఒకే 'ది డిలే'లో కలిపేస్తే, జాగ్రత్త అక్కర్లేని చోట కూడా జాగ్రత్త పడి, మర్యాద పోగొట్టుకున్నట్టే.

మేనేజర్ మాట మీద ఆ ముక్క తీసేశారు. 'ఐ యామ్ సారీ ఫర్ నాట్ ఆన్సరింగ్' మాత్రం ఉండిపోయింది. అది జెరండ్ కాబట్టే ఉండిపోయిందని నా నమ్మకం. 'ఐ డిడ్ నాట్ ఆన్సర్ యూ' అని పూర్తి వాక్యం అయి ఉంటే ఆయన కంటికి గుచ్చుకునేది. జెరండ్ అయితే చేసిన మనిషిని చూపిస్తుంది, కానీ వేలెత్తి చూపదు. జెరండ్‌కి ఉన్న ఉపయోగం ఇదే. ఆఫీసు రాతలో పూర్తి వాక్యం మరీ సూటిగా, నామవాచకం మరీ చల్లగా అనిపించే చోట ఇది సరిపోతుంది.

క్షమాపణల మీద పరిశోధన చేసిన భాషాశాస్త్రవేత్తలు షోషనా బ్లమ్-కుల్కా, జూలియానె హౌస్, గాబ్రియెల్ కాస్పర్ వేర్వేరు భాషల వాళ్లు క్షమాపణ ఎలా చెబుతారో పోల్చి 1989లో ప్రచురించారు. అందులో క్షమాపణను కొన్ని భాగాలుగా విడదీశారు: సారీ అన్న మాట, తప్పు తనదని ఒప్పుకోవడం, కారణం చెప్పడం, సరిచేస్తానని చెప్పడం, మళ్లీ జరగదని మాటివ్వడం. అన్నీ ప్రతిసారీ ఉండవు. నాకు ఆ విభజనలో ఉపయోగపడింది ఏంటంటే, సారీ అనే మాటా తప్పు ఒప్పుకోవడమూ రెండు వేర్వేరు పనులు. 'సారీ ఫర్ ది డిలే'లో మొదటిది మాత్రమే జరుగుతుంది. 'సారీ ఫర్ నాట్ ఆన్సరింగ్'లో రెండోది కూడా చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ఒక్క మాట మారితే చాలు.

అయింది, చేశాను

ఇది ఇంగ్లీషు గొడవ మాత్రమే అనుకునేవాళ్ల కోసం ఇంటి సంగతి ఒకటి.

తిరుపతిలో మా వీధి చివర ఒక టైలర్ ఉన్నాడు. పెళ్లిళ్ల సీజన్లో అతని దగ్గర జాకెట్ ఇచ్చిన వాళ్లందరికీ వినిపించే మాట 'లేటయిపోయిందక్కా'. కరెంటు పోయిందంటాడు, కాజాల మనిషి రాలేదంటాడు. ఎవరూ కోప్పడరు, ఎవరూ నమ్మరు. ఒకసారి నేను వెళ్లేసరికి అరమీద నా బట్ట మడత కూడా విప్పకుండా, చీటీ గుచ్చింది గుచ్చినట్టే ఉంది. అది నేను చూశానని అతనికి తెలిసింది. "సారీ అక్కా, నేనింకా ముట్టుకోలేదు. పెళ్లి ఎల్లుండయితే ఇక్కడ పెట్టుకోవద్దు, పక్క సందులో ఇయ్యండి," అన్నాడు. జాకెట్ అక్కడ పావు కూడా కాలేదు, కానీ ఆ ఒక్క మాటతో నా పని నడిచింది. 'అయిపోయింది' అన్నంతసేపు నేను రేపు రండి, ఎల్లుండి రండి అంటూ తిరుగుతూ ఉండేదాన్ని. 'ముట్టుకోలేదు' అన్నాక పక్క సందుకు పోయాను.

మన భాషలో ఆలస్యం 'అవుతుంది', ఆలస్యం 'చేస్తాం'. చేసే మనిషి మొదటి దాంట్లో ఉండడు, రెండో దాంట్లో ఉంటాడు. 'జవాబివ్వడంలో ఆలస్యమైనందుకు' అంటే 'డిలే ఇన్ రిప్లయింగ్' అన్నట్టే, 'ఆలస్యంగా జవాబిచ్చినందుకు' అంటే 'ఫర్ రిప్లయింగ్ లేట్' అన్నట్టే. ఈ తేడా మనకు కొత్త కాదు కాబట్టి పిల్లలకు చెప్పడం కూడా సులువు. అయిందా చేశావా అని అడిగితే చాలు, ఏ ఇంగ్లీషు రాయాలో వాళ్లకే తడుతుంది.

చిన్న వాటికి మన దగ్గర ఇంకా మంచి మాట ఉంది: 'ఏమనుకోకండి'. ఇంట్లో వాళ్లకు, ఇరుగుపొరుగుకు సారీ చెబితే దూరం పెట్టినట్టు ఉంటుంది, 'ఏమనుకోవద్దు పిన్నీ, ఇప్పుడే చూసుకున్నా' అంటే చాలు. అందులో తప్పు కొలవడం లేదు. ఈ అలవాటు వల్లే మనకు ఇంగ్లీషు క్షమాపణల్లో నామవాచకం హాయిగా అనిపిస్తుందేమో అని ఒక్కోసారి అనుకుంటాను. ఎవరూ ఎవర్నీ ఏమీ అనుకోకుండా పని జరిగిపోవాలన్నది మన ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఎదురుచూసే మనిషికి సోమవారం శాంపిల్ వస్తుందా రాదా అన్నది తెలియనంతవరకు మాత్రం అది పనిచెయ్యదు.

'థాంక్యూ ఫర్ యువర్ పేషెన్స్' ఎందుకు వద్దంటానంటే

ఈ మధ్య ఉద్యోగాల ట్రైనింగుల్లో ఒక సలహా బాగా తిరుగుతోంది. సారీ అంటే తగ్గినట్టు ఉంటుంది, దాని బదులు 'థాంక్యూ ఫర్ యువర్ పేషెన్స్' అని రాయండి, పాజిటివ్‌గా ఉంటుంది అని. మా అమ్మాయికి కూడా ఎవరో చెప్పారు. "అట్లా రాస్తే బాగుంటాదంట కదా పెద్దమ్మా?"

ఎప్పుడు బాగుంటుందో చూద్దాం. ముందే 'రిపోర్టుకి పది రోజులు పడుతుంది' అని చెప్పి, వాళ్లు సరే అని ఆగితే, ఆగినందుకు థాంక్స్ చెప్పడం సరైన పని. వాళ్లు నిజంగానే ఓపిక పట్టారు. కానీ చెప్పకుండా మౌనంగా ఉండి, వాళ్లు రెండుసార్లు గుర్తు చేశాక 'మీ ఓపికకు థాంక్స్' అంటే, వాళ్లకు లేని ఓపికను మనం అంటగడుతున్నాం. రెండోసారి గుర్తు చేస్తూ మెయిల్ రాసింది ఓపిక అయిపోయే కదా. గ్రామర్‌లో కూడా చూడండి, 'థాంక్యూ ఫర్' తర్వాత వచ్చింది 'యువర్'. మాట మొత్తం మీ పని మీదికి జరిగిపోయింది, నా పని పేజీలోంచి మాయమైపోయింది. 'సారీ ఫర్ ది డిలే'లో కనీసం ఆలస్యం అన్న మాటైనా ఉంది.

సారీ ఎక్కువైతే విసుగు పుడుతుందన్న భయం మాత్రం నిజమైనదే. 'సో సో సారీ ఫర్ రిప్లయింగ్ సో లేట్, ఐ ఫీల్ టెరిబుల్' అని రాసే పిల్లలూ ఉన్నారు. అది చదివిన వాళ్లు తిరిగి 'ఇట్స్ ఓకే, ఇట్స్ ఓకే' అని ఓదార్చాలి. ఆలస్యం భరించింది వాళ్లు, ఓదార్చాల్సిందీ వాళ్లేనా? అందుకే మా అమ్మాయికి చెప్పిన కొలత ఇది. అదే రోజు సాయంత్రానికి జవాబిస్తుంటే సారీ అక్కర్లేదు, నేరుగా విషయంలోకి పో. ఒకట్రెండు రోజులైతే 'సారీ ఫర్ ది డిలే ఇన్ రిప్లయింగ్' ఒక్కసారి చాలు. వాళ్లు గుర్తు చేశాక రాస్తుంటే 'సారీ ఫర్ నాట్ రిప్లయింగ్ సూనర్' అని మొదలుపెట్టి, తర్వాతి వాక్యంలో ఏం జరిగిందో చెప్పు. నీ మౌనం వల్ల వాళ్ల ఓడ తప్పితే మెయిల్ కాదు, ముందు ఫోన్ చెయ్యి. ఫోన్‌లో 'సారీ, ఐ డిడ్న్ట్ టెల్ యూ' అని పూర్తి వాక్యంలో చెప్పు, అది విన్నాక వాళ్లు అనేది విను. మెయిల్ ఆ తర్వాత రాసుకోవచ్చు.